పండుగ ప్యాక్‌కు పేరు: సంచి విప్పకుండానే సరుకు తెలియాలంటే

పండుగ ముందు వారం కిరాణా దుకాణంలో కాంబో ప్యాక్ ముందు ఆగే మనిషికి మూడు సంగతులు కావాలి. ఇది ఏ పనికి? ఇందులో ఏమేమి, ఎంతెంత ఉన్నాయి? విడివిడిగా కొనడం కంటే ఎంత కలిసొస్తుంది? ఈ మూడింటికీ జవాబు దొరక్కపోతే ఆ మనిషి సంచిని తిప్పి చూస్తాడు, అక్కడా కనిపించకపోతే కౌంటర్ దగ్గర అడుగుతాడు, అక్కడ వరుస ఉంటే వదిలేసి విడి సరుకులే కొనుక్కుని వెళ్తాడు. ప్యాక్‌కు పెట్టే పేరు, దాని కింద ఉండే ఒకటి రెండు పంక్తులు ఈ మూడు జవాబులనూ అందించాలి.

మన దుకాణాల్లో కనిపించే పేర్లు ఎక్కువగా మరో దారిలో నడుస్తాయి. ‘సంక్రాంతి సంబరాల ప్యాక్’, ‘మహా ధమాకా’, ‘ఫెస్టివ్ ఫ్యామిలీ కాంబో’, ‘గోల్డ్ ప్యాక్’ వంటివి పండుగ వచ్చిందని చెబుతాయి. ఆ సంగతి కొనేవారికి ముందే తెలుసు. సంచిలో పప్పు ఉందో పసుపు ఉందో మాత్రం ఈ పేర్లలో ఏదీ చెప్పదు.

కానుక పేరు వేరు, అమ్మకపు పేరు వేరు

ఈ తేడా తెలియడానికి ఒక ప్రభుత్వ పథకం మంచి ఉదాహరణ. 2015 సంక్రాంతికి ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కార్డుదారులకు కందిపప్పు, శనగపప్పు, బెల్లం, గోధుమపిండి, పామాయిల్, నెయ్యి అనే ఆరు సరుకులను ‘చంద్రన్న సంక్రాంతి కానుక’ పేరుతో ఉచితంగా పంచారు. ఆ పేరులో సరుకుల ఊసు లేదు, ధర లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. తీసుకునేవారు డబ్బు ఇవ్వడం లేదు, పక్కనే ఉన్న మరో సంచితో పోల్చుకోవడం లేదు. ఇచ్చింది ఎవరు, ఏ సందర్భంలో అన్నదే కానుక పేరు చెప్పాల్సిన మాట.

దుకాణంలో అమ్మే సంచి పని అలా ఉండదు. అక్కడ కొనేవారు ఎంచుకోవాలి, పోల్చుకోవాలి, డబ్బు చెల్లించాలి. కానుకకు సరిపోయే పేరును అమ్మకపు సంచికి పెడితే ఎంచుకోవడానికి కావలసిన సమాచారం అందదు. ‘కానుక’, ‘సంబరం’, ‘శుభాకాంక్షలు’ వంటి మాటలు బంధుమిత్రులకు ఇచ్చే మిఠాయి పెట్టెల మీద చక్కగా ఒదుగుతాయి. ఇంట్లో వండుకోవడానికి కొనే సరుకుల సంచి మీద అవి అసలు మాట ఉండాల్సిన చోటును ఆక్రమిస్తాయి.

అసలు మాట ముందుండాలి

తెలుగులో విశేషణాలు ముందు వస్తాయి, అసలు నామం చివర వస్తుంది. ‘సంక్రాంతి స్పెషల్ మహా ధమాకా ఫ్యామిలీ అరిసెల ప్యాక్’ అన్నప్పుడు పొగడ్తలన్నీ వరుసకట్టి, అరిసెల సంగతి ఆరో మాటగా బయటపడుతుంది. నోటితో చెప్పేటప్పుడు ఇబ్బంది లేదు, వినేవారు చివరిదాకా వింటారు. లేబుల్ మీద అలా కుదరదు. నడుస్తూ చూసే కన్ను మొదటి రెండు మాటల దగ్గరే తేల్చుకుంటుంది.

ఫోన్‌లో సరుకులు తెప్పించుకునేవారికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. చిన్న తెరల మీద వస్తువు పేరు కొన్ని అక్షరాల తర్వాత తెగిపోతుంది. మొదట ‘సంక్రాంతి స్పెషల్ మహా...’ అని ఉన్న నాలుగు ప్యాక్‌లు తెర మీద ఒకేలా కనిపిస్తాయి. బిల్లు కాగితం మీద కూడా అంతే. చిన్న దుకాణాలు వాడే 58 మిల్లీమీటర్ల కాగితపు చుట్ట మీద ఒక పంక్తికి మామూలుగా 32 ఇంగ్లిషు అక్షరాలు పడతాయి. పేరు, సంఖ్య, ధర మూడూ ఆ పంక్తిలోనే సర్దుకోవాలి కాబట్టి పేరుకు దక్కేది అందులో సగం. ఇంటికి వెళ్లి బిల్లు చూసుకునేవారికి ఆ సగంలోనే సంచి ఏదో తెలియాలి.

అందువల్ల వంట పేరో పూజ పేరో మొదటి మాట కావాలి. ‘అరిసెల సరుకులు’, ‘బొబ్బట్ల సరుకులు’, ‘ఉగాది పచ్చడి సరుకులు’ అన్నవి ఎక్కడ తెగినా అసలు సంగతిని పోగొట్టుకోవు. పండుగ పేరు పైన చిన్న అక్షరాల్లో ఉంటే సరిపోతుంది. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి రెండు పంక్తుల మధ్య జాగా ఇంగ్లిషు కంటే ఎక్కువ వదలాలి. లేకపోతే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులకు తగిలి, దూరం నుంచి చూస్తే నల్లటి మరకలా కనిపిస్తాయి.

ఊరు మారితే వంట పేరు మారుతుంది

వంట పేరుతో ప్యాక్ పెట్టాలనుకున్నప్పుడు మొదటి చిక్కు యాస దగ్గర వస్తుంది. శనగపప్పు పూర్ణం పెట్టి చేసే బొబ్బట్లను తెలంగాణలోను, రాయలసీమలో కొన్ని చోట్లా భక్షాలంటారు. అనంతపురం వైపు ఓళిగలంటారు. బియ్యప్పిండితో చేసే పప్పు చెక్కలను రాయలసీమలో నిప్పట్లంటే, తెలంగాణలో చాలా ఇళ్లలో చెక్క గారెలనో అప్పాలనో పిలుస్తారు. కోస్తాలో గారెలంటే మినప్పప్పు రుబ్బి వేసేవే. అందుకే ‘గారెల సరుకులు’ అన్న సంచిని ఒక ప్రాంతంలో మినప్పప్పు కోసం, మరో ప్రాంతంలో బియ్యప్పిండి కోసం తీస్తారు.

ఒకే ఊళ్లో అమ్మే దుకాణం తన వీధిలో వాడే మాటనే పెట్టుకోవచ్చు. అనేక జిల్లాలకు పంపే సంస్థ అయితే రెండు పేర్లనూ పక్కపక్కనే వేయడం మేలు: ‘బొబ్బట్ల / భక్షాల సరుకులు’. అందరికీ సరిపోతుందని ‘ఫెస్టివ్ స్వీట్ కిట్’ వంటి పేరు పెడితే ఎవరి ఇంటి వంటా అందులో కనిపించదు.

పండుగ ముందే చెప్పిన లెక్క

కొన్ని పండుగలు పేరు పెట్టేవారి పనిని తేలిక చేస్తాయి. వాటికి ఒక సంఖ్య ముందే కట్టి ఉంటుంది. వినాయక చవితి పూజకు 21 పత్రులు. ఉగాది పచ్చడికి ఆరు రుచులు. వరలక్ష్మీ వ్రతం తోరానికి తొమ్మిది పోగులు. ‘21 పత్రి కట్ట’ అన్న రెండు మూడు మాటల్లో లోపల ఏముందో, ఎంత ఉందో, దేనికో అన్నీ వచ్చేస్తాయి. ఇంతకంటే పొట్టిగా ఎవరూ చెప్పలేరు.

అదే సంఖ్య అమ్మేవారి మీద బాధ్యత కూడా పెడుతుంది. 21 అని రాసిన కట్టలో తొమ్మిది రకాల ఆకులే ఉంటే పూజ మధ్యలో పుస్తకం చూసి లెక్కపెట్టేవారికి ఆ లోటు వెంటనే తెలుస్తుంది. దొరికినవి తొమ్మిదే అయితే ‘9 రకాల పత్రి’ అని రాయడమే సరైన పేరు. కొనేవారు మిగిలినవి పెరట్లోంచో పొరుగింటి నుంచో తెచ్చుకుంటారు.

ఉగాది సంచిలో ఇంకో మెలిక ఉంది. చింతపండు, బెల్లం, ఉప్పు, కారం వారం ముందే కట్టి పెట్టవచ్చు. పచ్చి మామిడికాయ, వేపపువ్వు అలా ఆగవు. ఈ రెండూ లేని సంచికి ‘షడ్రుచుల ప్యాక్’ అని పేరు పెడితే అది అబద్ధం అవుతుంది. పండుగ పొద్దున సంచి విప్పిన ఇంట్లో చేదూ వగరూ ఉండవు. ‘ఉగాది పచ్చడి సరుకులు, మామిడికాయ, వేపపువ్వు విడిగా’ అని రాస్తే ఆ రెండూ కూరగాయల వరుసలో తీసుకోవాలని కొనేవారికి గుర్తుకొస్తుంది. ఏది లేదో చెప్పడం కూడా పేరు చేసే పనే.

కొలత ఇంటి మాటలో

ఎంత ఉందో చెప్పేటప్పుడు ‘ఫ్యామిలీ ప్యాక్’, ‘జంబో’, ‘సిల్వర్’, ‘గోల్డ్’ అన్న మాటలు దారి తప్పిస్తాయి. ఒక ఇంట్లో కుటుంబం అంటే ముగ్గురు. సంక్రాంతికి కూతుళ్లు, అల్లుళ్లు దిగిన ఇంట్లో అదే కుటుంబం పదిహేను మంది. సిల్వర్‌కూ గోల్డ్‌కూ తేడా సరుకు నాణ్యతలోనా బరువులోనా అన్నది పేరు చూసి తెలియదు.

పిండివంటల విషయంలో ఇళ్లలో ఒక స్థిరమైన కొలమానం వాడుకలో ఉంది. సంక్రాంతి రోజుల్లో ఆడవాళ్లు ఒకరినొకరు పలకరించుకుంటూ ‘అరిసెలకు ఎన్ని కిలోలు పోశారు?’ అని అడుగుతారు. ‘పోయడం’ అంటే బియ్యం నానబోయడం. తెలంగాణలో సకినాలకూ ఇదే లెక్క. బెల్లం, నువ్వులు, నూనె అన్నీ ఆ బియ్యాన్ని బట్టే కొలుస్తారు. ప్యాక్ కూడా అదే భాషలో మాట్లాడితే, రెండు కిలోలు పోయాలనుకున్న ఇల్లాలు ఎన్ని సంచులు తీసుకోవాలో ఆగి లెక్క వేయనక్కర్లేదు.

ఎన్ని అరిసెలు వస్తాయో రాయడం అంత భద్రం కాదు. ఒక ఇంట్లో అరచేయంత వేస్తారు, మరో ఇంట్లో దానిలో సగం. పాకం ముదిరితే ఒక లెక్క, లేతగా ఉంటే మరో లెక్క. ‘50 అరిసెల ప్యాక్’ అని రాసి 38 వస్తే నింద సంచి మీదకే వస్తుంది. అమ్మేవారి చేతిలో ఉన్నది బియ్యం బరువు కాబట్టి పేరు ఆ బరువుకే కట్టుబడాలి.

ఒక సంచి, మూడు పేర్లు

ఒక పట్టణంలోని మధ్యరకం కిరాణా దుకాణాన్ని ఊహించుకుని ఈ సూత్రాలను వరుసగా పెట్టి చూడవచ్చు. ధరలు లెక్క కోసం అనుకున్నవి. సంచిలో బియ్యం 1 కిలో, పాకం బెల్లం 750 గ్రాములు, నూనె 1 లీటరు, నువ్వులు 100 గ్రాములు, నెయ్యి 100 గ్రాములు, యాలకులు 10 గ్రాములు ఉన్నాయి. పిండి కాకుండా బియ్యం పెట్టడానికి కారణం ఉంది. అరిసెలకు బియ్యం నానబెట్టి కొట్టించిన తడి పిండే కావాలి, ప్యాకెట్లలో దొరికే పొడి పిండితో అవి సరిగా రావు. దుకాణంలో రోజూ అమ్మే ధరల ప్రకారం ఇవి వరుసగా 55, 54, 150, 28, 68, 40 రూపాయలు. మొత్తం 395. ప్యాక్‌గా ధర 365.

మొదటి పేరు ‘సంక్రాంతి మహా ధమాకా ప్యాక్’ అనుకుందాం. కొనేవారికి తెలిసింది పండుగ పేరు ఒక్కటే. సంచి పారదర్శకంగా ఉంటే బియ్యం, నూనె కనిపిస్తాయి, పులిహోర కోసమా అరిసెల కోసమా అన్నది తేలదు.

రెండో పేరు ‘కిలో అరిసెల ప్యాక్’. ఇది చాలా మెరుగు, పైగా ఇంటి మాటకు దగ్గర. కానీ ఇందులో ఒక గొయ్యి దాగి ఉంది. మిఠాయి దుకాణాలు తయారైన అరిసెలను కిలో లెక్కన అమ్ముతాయి. ఫోన్‌లో ఈ పేరు చూసి ఆర్డరు పెట్టినవారు వండిన అరిసెలు వస్తాయని ఎదురుచూస్తారు. తలుపు దగ్గర బియ్యం, బెల్లం దిగితే సంచి తిరిగి దుకాణానికే వస్తుంది.

మూడో పేరు ఆ గొయ్యిని పూడుస్తుంది. లేబుల్ ఇలా ఉంటుంది:

అరిసెల సరుకులు – 1 కిలో బియ్యం కొలత
బియ్యం 1 కిలో, పాకం బెల్లం 750 గ్రా, నూనె 1 లీటరు, నువ్వులు 100 గ్రా, నెయ్యి 100 గ్రా, యాలకులు 10 గ్రా
విడిగా రూ. 395 – కలిపి రూ. 365

‘సరుకులు’ అన్న ఒక్క మాట వండినవి కాదని చెప్పేసింది. ‘పాకం బెల్లం’ అన్నది వంట తెలిసినవారికి భరోసా ఇస్తుంది, ఎందుకంటే పాకం సరిగా కుదరని బెల్లంతో అరిసెలు పాడవుతాయన్న భయం ప్రతి ఇంట్లో ఉంటుంది. రెండు కిలోల సంచి కూడా పెడితే దాని పేరులో ఒక్క అంకె మాత్రమే మారాలి: ‘అరిసెల సరుకులు – 2 కిలోల బియ్యం కొలత’. దాని ధర 720 అనుకుంటే, చిన్న సంచులు రెండు తీసుకుంటే అయ్యే 730తో పోల్చుకోవడం కొనేవారికి క్షణం పని. ఒక వరుసలో ఉన్న ప్యాక్‌ల పేర్లన్నీ ఒకే అచ్చులో ఉండి, తేడా ఉన్న చోట మాత్రమే మారితే పోలిక కంటికే తెలుస్తుంది.

కలిసొచ్చేది ఎంత?

పై లేబుల్‌లో మూడో పంక్తి నిజాయతీగా ఉండాలంటే ‘విడిగా’ అన్న మాటకు అర్థం స్పష్టంగా ఉండాలి. చాలా దుకాణాలు ఎమ్మార్పీ కంటే తక్కువకే అమ్ముతాయి. ఈ ఆరు వస్తువుల ఎమ్మార్పీలు కలిపితే 440 అయిందనుకుందాం. ‘440 విలువైన సరుకులు 365కే’ అని రాస్తే 75 రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది. అదే దుకాణంలో ఆ సరుకులను నిన్నటిదాకా 395కు కొన్నవారికి నిజంగా మిగిలేది 30. ప్రతి నెలా అక్కడే కొనే మనిషికి ఆ ధరలు నోటికి వచ్చి ఉంటాయి. అందుకే పోలిక ఎప్పుడూ అదే దుకాణపు అమ్మకపు ధరతో ఉండాలి. ‘30 తగ్గింపు’ చిన్నగా కనిపించినా ఎవరు లెక్కేసినా నిలుస్తుంది.

‘ఉచితం’ అన్న మాటతో ఇంకా జాగ్రత్త కావాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్యాక్ ధరలో కలిసి ఉన్న వస్తువును ఉచితమని చెప్పకూడదు. అరిసెల సంచిలో 40 రూపాయల యాలకులను 365లోనే లెక్కగట్టి, ‘యాలకులు ఉచితం’ అని పేరులో చేర్చడం ఈ కిందికే వస్తుంది.

చిన్న వస్తువును పేరులోకి ఎక్కించడం వల్ల మరో నష్టం ఉంది. కింబర్లీ వీవర్, స్టీఫెన్ గార్సియా, నార్బర్ట్ ష్వార్జ్ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, పాటలు వినే పరికరాన్ని దాని తొడుగుతో కలిపి కొందరికి చూపారు, మరికొందరికి అవే రెండింటికీ ఒక ఉచిత పాట జోడించి చూపారు. పాట కూడా ఉన్న ప్యాక్‌కు కొనేవారు తక్కువ విలువ కట్టారు. ప్యాక్‌ను తయారుచేసే వైపు నిలబడినవారు మాత్రం పాట చేర్చిందే మెరుగని అనుకున్నారు. అమ్మేవారు విలువలను కూడుకుంటూ పోతారు, కొనేవారు మొత్తాన్ని ఒక సగటుగా చూస్తారు. కిలో బియ్యం, లీటరు నూనె ఉన్న సంచి పేరు చివర ‘ప్లస్ అగ్గిపెట్టె’ అని చేర్చితే సంచి బరువు పెరుగుతుంది, దాని మీద గౌరవం తగ్గుతుంది. చిన్నవి జాబితాలో ఉండాలి, పేరులోకి రాకూడదు.

ధర నిర్ణయించేటప్పుడు పన్ను కూడా చూసుకోవాలి. వేర్వేరు వస్తువులను ఒకే ధరకు కట్టి అమ్మితే జీఎస్టీ చట్టం దాన్ని మిశ్రమ సరఫరాగా చూస్తుంది. అప్పుడు సంచిలో ఎక్కువ రేటున్న వస్తువు పన్నే మొత్తానికి పడుతుంది. తక్కువ పన్నున్న పప్పులు, మిఠాయిల మధ్య ఒక కూల్ డ్రింక్ సీసా పెడితే ఆ సీసా రేటు సంచి అంతటికీ పాకుతుంది. పేరులో ఇస్తానన్న తగ్గింపు అక్కడే కరిగిపోవచ్చు.

చట్టం అడిగేది

ముందుగా కట్టి అమ్మే ప్యాక్‌ల లేబుళ్లకు 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమాడిటీస్ నియమాలు వర్తిస్తాయి. ఒకే రకం కాని వస్తువులను కలిపి అమ్మే సంచిని అవి కాంబినేషన్ ప్యాకేజీ అంటాయి. లోపల ఒకటి కంటే ఎక్కువ వస్తువులుంటే ఒక్కోదాని పేరు, సంఖ్య లేదా పరిమాణం ప్యాకేజీ మీద ఉండాలి. ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, నెల, సంవత్సరం, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర కూడా కావాలి. ‘మహా ధమాకా’ అని ముందువైపు రాసినా, వెనుకవైపు ఈ జాబితా రాయక తప్పదు. తప్పనిసరిగా రాయాల్సిన ఆ జాబితానే ముందుకు తెచ్చి పేరు కింద పెట్టడం అదనపు ఖర్చు లేని పని.

తినే సరుకులతో ఇంకో మాట. లోపలి ప్యాకెట్లకు ఒక్కోదానికి ఒక్కో గడువు ఉంటుంది. వాటిలో అన్నిటికంటే ముందు తీరిపోయేదాన్నే సంచి గడువుగా పైన రాయాలి.

పేరు పనిచేస్తోందో లేదో

పేరును అచ్చు వేయించే ముందు పరీక్షించడానికి ఒక కాగితం, ఐదుగురు మనుషులు చాలు. ప్యాక్ తయారీతో సంబంధం లేనివారికి లేబుల్‌ను మూడు నాలుగు సెకన్లు చూపి మూసేయాలి. ఆ తర్వాత ఇది దేనికి, ఏమేమి ఉన్నాయి, ఎంత తగ్గింది అని అడగాలి. ఏ ప్రశ్నకు ఇద్దరు ముగ్గురు తడబడ్డారో ఆ సంగతి లేబుల్‌లో లేదనో, ఉన్నా కనబడటం లేదనో అర్థం. చూసినవారు పేరును తమ మాటల్లో తిరిగి చెబితే వినడం ఇంకా ఉపయోగం. నలుగురు ‘అరిసెల సామాను’ అంటే ఆ ఊళ్లో ‘సరుకులు’ కంటే ‘సామాను’ మంచి పేరు.

అమ్మకం మొదలయ్యాక కౌంటరే పరీక్ష గది. ‘ఇందులో బెల్లం ఉందా?’ అన్న ప్రశ్న రోజుకు నాలుగుసార్లు వస్తుంటే జాబితా అక్షరాలు చిన్నవి. సంచుల మూతులు విప్పి చూసిన ఆనవాళ్లు కనిపిస్తుంటే పేరు నమ్మకం కలిగించలేదు. విడి సరుకులు తీసుకున్నవారి బుట్టల్లో సరిగ్గా ఆ ఆరు వస్తువులే ఉంటే వాళ్లకు కావలసింది అదే సంచి, పేరు మాత్రం ఆ మాట చెప్పలేకపోయింది. కొత్త కాగితం అతికించడానికి కనుమ దాకా ఆగనక్కర్లేదు. బియ్యం నానబోసేది భోగికి ముందే కాబట్టి ఆ దిద్దుబాటు అంతకుముందే జరిగితేనే ఆ ఏడాది సంచులు అమ్ముడవుతాయి.